ఫిర్యాదు ఎవరి చేతికి పోతోంది?

ఎడ్లపాడు నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి మన పిల్లలు నర్సింగ్‌కు, డాక్టర్ చదువుకు గుంటూరు దాకా, ఇంకా దూరం పోతున్నారు. వార్డులో సీనియర్ అందరి ముందు తిడితే "ఓర్చుకోండి, ఇదీ శిక్షణే" అని వాళ్లకు చెబుతున్నది ఎవరు? పెద్దలమైన మనమే. ఆ మాట ఇక చెప్పం. తప్పు దిద్దడం శిక్షణ. రోగి ముందు, గ్రూపులో పరువు తీయడం శిక్షణ కాదు.

ధరావత్ ప్రీతిని గుర్తు చేసుకుందాం. లంబాడా బిడ్డ. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో మత్తు వైద్యం పీజీ మొదటి సంవత్సరం. వాట్సాప్ గ్రూపులో సీనియర్ తనను హేళన చేస్తుంటే, లోపముంటే విభాగాధిపతికి చెప్పమని ఆమె ఎదురు చెప్పిందని పోలీసులే అన్నారు. తండ్రి పోలీసులకు చెప్పాడు. వాళ్లు కాలేజీకి చెప్పారు. కాలేజీ పెద్దలు ఇద్దరినీ పిలిపించి మాట్లాడారు. మర్నాడు, 2023 ఫిబ్రవరి 22న, ఆమె ఆసుపత్రిలో స్పృహ లేకుండా కనిపించింది. 26న నిమ్స్‌లో కన్నుమూసింది. సీనియర్ మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టారు. నేరం తేల్చేది కోర్టు. మనం అడిగేది వేరు: నోటిమాటగా వెళ్లిన ఫిర్యాదు తిరిగి తిరిగి ఆ విభాగంలోకే ఎందుకు చేరింది? డ్యూటీలు వేసేదీ, పని నేర్పేదీ అక్కడివాళ్లే కదా!

అందుకే ఫిర్యాదు ముందు బయటికి, రాతలో పోవాలి. జాతీయ ర్యాగింగ్ నిరోధక నంబరు 1800-180-5522. మెయిల్ helpline@antiragging.in. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. పేరు బయటపెట్టవద్దని మొదటే చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. అయితే ఒక మెలిక ఉంది. ఆ ఫిర్యాదు చివరికి కాలేజీకే వస్తుంది. విభాగంలో జూనియర్లు ఇద్దరే ఉంటే, పేరు లేకున్నా ఎవరో తెలిసిపోతుంది. ఒక్కరే కాక ఇద్దరు ముగ్గురు కలిసి రాయండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయవద్దని, డ్యూటీ వేరే యూనిట్‌కు మార్చమని అందులోనే అడగండి.

రాసేముందు రుజువు కాపాడుకోండి. గ్రూపు నుంచి బయటికి రావద్దు. తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి పంపండి. రోగుల పేర్లు మాత్రం కనబడనీయకండి. తిట్టిన రోజు, వార్డు, విన్నవాళ్లు ఎవరో ఆ రాత్రే రాసిపెట్టండి.

కులం పేరుతో తిడితే 14566కు చెప్పండి, పోలీసు స్టేషన్‌లో రాసివ్వండి. ఆ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ రాయడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ పట్టించుకోకపోతే 1997 నాటి మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం ఆయన్నూ నేరానికి తోడ్పడినవాడిగానే చూస్తుంది. రాతలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటేనే ఆ చట్టం మన చేతికి వస్తుంది.

పిల్ల మనసు విరిగిపోతోందనిపిస్తే కాగితాలు తర్వాత. ముందు 14416కు ఫోన్ చేసి, మనలో ఎవరో ఒకరు బస్సెక్కి వెళ్లి ఇంటికి తెచ్చుకుందాం.