తలుపు ఎత్తు 2.58 మీటర్లు.. మీ సరుకు ఎత్తెంత?

కంటైనర్ అనగానే మన కళ్ల ముందు మెదిలే బొమ్మ ఒకటే. హైవే మీద ట్రెయిలర్ లారీ వీపునెక్కి వెళ్లే పొడవాటి ఇనుప పెట్టె. చుట్టూ గోడలు, పైన కప్పు, వెనక రెండు తలుపులు. చాలా సరుకులకి అది సరిపోతుంది. కానీ కొన్ని సరుకులు ఆ తలుపులో పట్టవు. ఇంకొన్ని ఆ పెట్టెలోని వేడికి ఆగవు. అలాంటి వాటి కోసమే ఓపెన్ టాప్, ఫ్లాట్ ర్యాక్, రీఫర్ అని మూడు రకాలున్నాయి.

నేను ఓడ సరుకుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. కంటైనర్ రకం ఎంచుకోవడం నా దృష్టిలో మొదట్లో ఒక డ్రాప్‌డౌన్ అంతే. కస్టమర్ ఎత్తు, వెడల్పు, బరువు టైప్ చేస్తాడు, సిస్టమ్ సరిపోయే పెట్టెని చూపిస్తుంది. అందులో కష్టమేముంది అనుకున్నాను. ఒక మెషిన్ పోర్టు దగ్గరి యార్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చాక తెలిసింది.

హైదరాబాద్ శివార్ల నుంచి ఒక ఫార్మా డ్రైయర్ మెషిన్ విదేశానికి వెళ్లాలి. పొడవు 7 మీటర్లు, వెడల్పు 2.10, ఎత్తు 2.50, బరువు 9 టన్నులు. 40 అడుగుల మామూలు కంటైనర్‌లో కాస్త ఎత్తుగా ఉండే రకాన్ని హై క్యూబ్ అంటారు. దాని తలుపు ఎత్తు సుమారు 2.58 మీటర్లు. 2.50 కంటే 2.58 ఎక్కువ కదా, మా సిస్టమ్ పచ్చ టిక్ పెట్టేసింది.

లారీ యార్డుకి చేరింది. మెషిన్ లోపలికి వెళ్లలేదు. కారణం చాలా చిన్నది. మెషిన్ కింద 15 సెంటీమీటర్ల ఎత్తు చెక్క దుంగల స్కిడ్ ఉంది. 2.50 కాస్తా 2.65 అయింది. తలుపు కంటే 7 సెంటీమీటర్లు ఎక్కువ. మా ఆపరేషన్స్‌లో ఒక సీనియర్ ఉన్నాడు, మేమంతా అన్నా అనే పిలుస్తాం. ఆయన ఫోన్‌లో ఒకే మాట అన్నాడు: "తమ్ముడూ, ఓడ ఎక్కేది డ్రాయింగ్ కాదు, ప్యాకింగ్‌తో ఉన్న మెషిన్."

తప్పు కస్టమర్‌ది కాదు. నేను పెట్టిన ఫీల్డ్ పేరు ఉత్త "ఎత్తు". ఆయన మెషిన్ కాగితాల్లో ఉన్న ఎత్తే ఇచ్చాడు. ఆ ఓడ తప్పిపోయింది, అవతల ఫ్యాక్టరీలో మెషిన్ కోసం ఎదురుచూస్తున్న వాళ్లకి తేదీ మారింది. స్కిడ్ లెక్క దాటినా సరే, ఇంకో సంగతుంది. ఫోర్క్‌లిఫ్ట్ సరుకుని కొంచెం పైకి లేపితేనే లోపలికి పెట్టగలదు. కాబట్టి తలుపుకి, సరుకుకి మధ్య కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఎప్పుడూ మిగలాలి. అంచుకి అంచు సరిపోతే సరిపోయినట్టు కాదు.

సరే, ఆ మెషిన్‌కి ఇప్పుడు దారేది? అన్న మూడు దారులు చెప్పాడు.

మొదటిది, అసలు స్పెషల్ కంటైనరే వద్దనుకోవడం. మెషిన్ పైభాగంలో మోటారు, గేర్‌బాక్స్ బోల్టులతో బిగించి ఉన్నాయి, వాటి ఎత్తు 40 సెంటీమీటర్లు. వాటిని విప్పి విడిగా ప్యాక్ చేస్తే స్కిడ్‌తో కలిపి 2.25 అవుతుంది, మామూలు హై క్యూబ్‌లోనే వెళ్లిపోతుంది. అన్నిటికంటే చవకైన దారి ఇదే. కానీ అవతల మళ్లీ బిగించడానికి తెలిసిన టెక్నీషియన్ కావాలి. షాఫ్ట్ తేడాగా కూర్చుంటే మెషిన్ వైబ్రేట్ అవుతుంది. ఫ్యాక్టరీ "విప్పితే మా గ్యారంటీ ఉండదు" అందంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

రెండోది ఓపెన్ టాప్. దీనికి గోడలూ తలుపూ మామూలుగానే ఉంటాయి, ఇనుప కప్పు మాత్రం ఉండదు. కప్పు బదులు తీసి పెట్టుకునే అడ్డకమ్మీలు, వాటిపైన టార్పాలిన్. తలుపుతో పని లేకుండా సరుకుని క్రేన్‌తో పైనుంచి దించుతారు. లోపలి ఎత్తు సుమారు 2.35 మీటర్లు. మన మెషిన్ 2.65 కాబట్టి 30 సెంటీమీటర్లు పైకి తేలుతుంది. తేలితే ఫర్వాలేదు. కానీ దాని మీద ఇంకో కంటైనర్ పెట్టడానికి కుదరదు. అంటే ఓడలో దాని పైన ఉండే చోటు వృథా. ఆ చోటుకీ మనమే డబ్బు కట్టాలి. ఇలా కొలత దాటిన సరుకుని అవుట్ ఆఫ్ గేజ్ అంటారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి. ఓపెన్ టాప్ ఎత్తు సమస్యని మాత్రమే తీరుస్తుంది. వెడల్పుని కాదు. పక్క గోడలు అలాగే ఉంటాయి, మధ్యలో దొరికేది దాదాపు 2.3 మీటర్లే. మన మెషిన్ వెడల్పు 2.10 కాబట్టి సరిపోయింది.

సరిపోయింది అనుకున్నామా, ఫ్యాక్టరీ నుంచి మళ్లీ మెయిల్. పక్కలకి పొడుచుకొచ్చిన పైపు మూతులు, లేపడానికి పెట్టిన కొక్కేలు కలిపితే వెడల్పు 2.10 కాదు, 2.60 అట! అవి వెల్డింగ్ చేసినవి, విప్పడానికి రావు. దాంతో ఓపెన్ టాప్ కూడా పోయింది. మిగిలింది మూడో దారి, ఫ్లాట్ ర్యాక్.

ఫ్లాట్ ర్యాక్ అంటే గట్టి నేల, ముందూ వెనకా రెండు గోడలు, అంతే. పక్కలా లేవు, పైనా లేదు. 40 అడుగుల ఫ్లాట్ ర్యాక్ దాదాపు 40 టన్నుల దాకా మోస్తుంది. రోడ్డు, లారీ మోయగలిగేది మాత్రం వేరే లెక్క. దాని నేల బయటి వెడల్పు 2.44 మీటర్లు. మన 2.60 మెషిన్‌ని సరిగ్గా మధ్యలో పెడితే ఒక్కో పక్క 8 సెంటీమీటర్లు బయటికి వస్తుంది. ఎనిమిదే కదా అనిపిస్తుంది. కానీ ఓడలో కంటైనర్లు పక్కపక్కనే ఇరుకుగా కూర్చుంటాయి. పక్కకి వచ్చిన ఆ 8 సెంటీమీటర్ల వల్ల రెండు పక్కల చోట్లూ పోతాయి, ఎత్తు కూడా దాటితే పైది కూడా. ఖర్చు ఇక్కడే అమాంతం పెరుగుతుంది. పైగా షిప్పింగ్ లైన్ కొలతలు, బరువు, బరువు కేంద్రం ఎక్కడుందో చూపే డ్రాయింగ్ అడిగి, చూసి, ఆ తర్వాతే బుకింగ్‌కి ఒప్పుకుంటుంది.

ఫ్లాట్ ర్యాక్‌లో సరుకుకి గోడల రక్షణ లేదని మర్చిపోకూడదు. ఓడ పక్కలకి ఊగేటప్పుడు మెషిన్‌ని ఆపేది గొలుసులు, వైర్లు, వాటిని బిగించే టర్న్‌బకిల్స్ మాత్రమే. ఉప్పునీటి తుంపర నేరుగా మీద పడుతుంది. అందుకే మా మెషిన్‌కి తుప్పు ఆపే ఫిల్మ్ చుట్టి, లోపల తేమ పీల్చే సంచులు పెట్టి, మీద టార్పాలిన్ కట్టారు. సర్వేయర్ వచ్చి కట్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చాకే అది యార్డు వదిలింది.

ఇప్పటిదాకా టేపుతో కొలిచే సరుకు. రీఫర్‌కి వచ్చేసరికి కొలవాల్సింది టేపుతో కాదు, థర్మామీటర్‌తో.

మన భీమవరం వైపు చెరువుల రొయ్యలు ప్రాసెసింగ్ అయి, గడ్డకట్టి, విశాఖ లాంటి పోర్టుల నుంచి వెళ్లేది రీఫర్లలోనే. −18 డిగ్రీల దగ్గరో, అంతకంటే చల్లగానో ఉంచుతారు. ఇది పెద్ద ఫ్రిజ్ లాంటిదే అనుకుంటాం కదా? అక్కడే దెబ్బ తింటాం. రీఫర్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచుతుంది, అంతే. వెచ్చగా ఉన్నదాన్ని గడ్డ కట్టించడం దాని పని కాదు. ఆ పని ఫ్యాక్టరీలోని బ్లాస్ట్ ఫ్రీజర్‌ది. కార్టన్లు −10 దగ్గర ఎక్కించి, బయట స్క్రీన్ మీద −18 సెట్ చేస్తే, స్క్రీన్ మీద నంబర్ తొందరగానే దిగొచ్చు. అది గాలి ఉష్ణోగ్రత. కార్టన్ మధ్యలో రొయ్య మాత్రం రోజుల తరబడి వెనకబడే ఉంటుంది. అందుకే లోడింగ్ అప్పుడు నాలుగైదు కార్టన్లు తెరిచి, ప్రోబ్ థర్మామీటర్‌ని సరుకు లోపలికి గుచ్చి చూసి రాసుకుంటారు.

రెండో సంగతి గాలి దారి. చల్లటి గాలి గాడుల నేల కిందుగా వచ్చి, సరుకు చుట్టూ పైకి లేచి, కప్పు కిందుగా వెనక్కి మెషిన్‌కి చేరాలి. గోడ మీద ఎర్రగీత ఉండేది అందుకే. నాలుగు కార్టన్లు ఎక్కువ పడతాయని ఆ గీత దాటి పేర్చితే గాలి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. పెట్టె మొత్తం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తలుపు దగ్గరి వరసలు మాత్రం మెత్తబడతాయి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన రొయ్యని గుర్తుపట్టడం సులువే. సంచిలో మంచు పలుకులు పోగవుతాయి, రొయ్యలు ఒకదానికొకటి ముద్దలా అంటుకుంటాయి, కార్టన్ అడుగు చెమ్మ తగిలి కుంగుతుంది. అవతల కొనేవాడు ఆ ఒక్క వరస చూసి మొత్తం కంటైనర్ వద్దనొచ్చు.

మామిడి పళ్లకి లెక్క మళ్లీ వేరు. వాటికి 12, 13 డిగ్రీలు కావాలి. మరీ చల్లబెడితే తొక్క మచ్చలు పడి, పండటం ఆగిపోతుంది. పండు ఊపిరి తీసుకుంటుంది కాబట్టి రీఫర్‌కి ఉన్న గాలి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. రొయ్యలకి అదే కిటికీ పూర్తిగా మూయాలి.

ఇక నా కోడ్ సంగతి. రీఫర్ ఫారంలో నేను చూసి భయపడిన బగ్ ఒక గీతంత చిన్నది. ఒక చోట నుంచి కాపీ చేసిన "–18"లో మైనస్ గుర్తు కీబోర్డ్ మైనస్ కాదు. మా కోడ్ దాన్ని గుర్తుపట్టక పారేసి 18 అని సేవ్ చేసింది. ప్లస్ 18 డిగ్రీల్లో రొయ్యలు! టెస్టింగ్‌లోనే దొరికింది కాబట్టి ఈ కాలమ్ రాస్తున్నాను. ఇప్పుడు మా ఫారంలో ఆ నంబర్‌ని టైప్ చేయనివ్వం. "గడ్డకట్టిన", "చల్లటి" అని ముందు ఎంచుకోవాలి, ఆ తర్వాతే డిగ్రీలు. ఎత్తు ఫీల్డ్ పేరు కూడా మార్చాను: "ప్యాకింగ్, స్కిడ్ కలిపి నేల నుంచి పై అంచు దాకా ఎత్తు". స్క్రీన్ మీద రెండు లైన్లు ఆక్రమిస్తోందని మా డిజైనర్ గొణుగుతూనే ఉంది. నేను ఆ 7 సెంటీమీటర్ల కథ చెప్పాను. ఇప్పుడు ఏమీ అనట్లేదు.