సిగ్నల్ పోతే తేలిగ్గా తీసుకోవద్దు

శనివారం రాత్రి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. తెరపై 'No Service' అని కనిపిస్తోంది. ఇంట్లో వైఫై ఉంది కనుక వాట్సాప్ మామూలుగానే నడుస్తోంది. టవర్ సమస్యేమోనని పడుకుంటాం. సిమ్ స్వాప్ మోసగాడికి కావలసింది సరిగ్గా ఆ నిద్రే. మన పేరుతో దొంగ పత్రాలు చూపించి అతడు కొత్త సిమ్ తీసుకుంటే మన చేతిలోని సిమ్ చచ్చిపోతుంది, ఓటీపీలు అతడికి చేరతాయి.

ఇంట్లో అదే నెట్‌వర్క్ వాడే మరో ఫోన్ చూడండి. దానికి సిగ్నల్ ఉండి మీకే లేకపోతే, ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసినా రాకపోతే, అనుమానించాల్సిందే. అంతకుముందు మీరు అడగని సిమ్ మార్పిడి గురించి మెసేజ్ వచ్చి ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు.

కొత్త సిమ్‌కు 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపాలన్న నిబంధన మన దేశంలో ఉంది. దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు గానీ, మనకు దొరికే వ్యవధి అదే. వెంటనే వేరే ఫోన్ నుంచి ఆపరేటర్‌కు చెప్పి మన నంబర్‌ను బ్లాక్ చేయించాలి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డులు ఆపించాలి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి.

ఫిర్యాదు నంబర్, సమయం రాసి పెట్టుకోండి. రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం, బ్యాంకుకు ఫిర్యాదు అందాక జరిగే నష్టం బ్యాంకుదే.