డెబ్బై అయిదు శాతం ఎవరిది?

డెల్ఫీ పద్ధతిలో డాక్టర్లు ఒకరికొకరు ఎదురుపడరు. పేరు బయటపడకుండా 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు, అందరి మార్కుల సరళి చూశాక రెండో రౌండులో మళ్లీ వేస్తారు. పెద్ద ప్రొఫెసర్ గొంతుకు తలూపాల్సిన పని లేదు, అది బాగానే ఉంది. నా పేచీ ప్యానెల్‌తోనూ, ఆ శాతంతోనూ. పాము కాటు లక్షణాలు కనిపిస్తే విరుగుడు మొదటి డోసు పీహెచ్‌సీలోనే ఇచ్చి పంపాలన్న వాక్యం పెట్టారనుకుందాం. ప్యానెల్‌లో 24 మంది పెద్దాసుపత్రి స్పెషలిస్టులు, 16 మంది పీహెచ్‌సీ డాక్టర్లు. 7 లేదా ఆపైన వేస్తే ఒప్పుకున్నట్టు, 75 శాతం వస్తే ఏకాభిప్రాయం. స్పెషలిస్టుల్లో 22 మంది ఒప్పుకున్నారు, పీహెచ్‌సీ వాళ్లలో 8 మందే. మొత్తం 40కి 30, సరిగ్గా 75. వాక్యం నెగ్గింది! అర్ధరాత్రి ఒక్క నర్సు తోడుగా, ఇంజెక్షన్ వికటిస్తే ఎలాగని భయపడే డాక్టర్లలో సగం మంది మాత్రం ఒప్పుకోలేదు. విసుగెత్తి వాళ్లలో ఆరుగురు రెండో రౌండుకు జవాబివ్వలేదనుకోండి, 34కి 30, అంటే 88 శాతం. ఒక్కరి మనసూ మారలేదు, ఏకాభిప్రాయం మాత్రం బలపడినట్టు కనిపిస్తుంది. అందుకే గీత ఒక్కటి చాలదు. ప్రతి వర్గంలోనూ విడిగా 75 శాతం రావాలని మొదటి రౌండుకు ముందే ప్రోటోకాల్‌లో రాసుకోవాలి, తప్పుకున్నవాళ్ల మొదటి మార్కులు పక్కనే చూపించాలి. మార్కులు చేతికొచ్చాక 75ను 70 చేసినవాళ్లను చూశాను, కారణం అడిగితే నవ్వి ఊరుకున్నారు.