వైట్‌ఫీల్డ్‌లో మైక్రోస్కోపుకు కరువా?

తెల్లబట్ట ఎక్కువైందని చెబితే చాలు, మూడు మందులున్న కిట్టు చేతిలో పెట్టి "ఒక్కపూటలో సరిపోతుంది, పరీక్షలెందుకు" అనే వ్యవహారం వైట్‌ఫీల్డ్ లాంటి చోట కూడా సాగుతోందంటే దాన్ని పొరపాటుగా చూడలేం. ఆ కిట్టును వెనకేసుకొచ్చేవారు చెప్పే కారణాలు చాలానే ఉన్నాయి గానీ, వాటన్నిటిలో నిజాయితీ లేనిది ఒకటుంది: "ప్రభుత్వమే ఇలా కిట్లు పంచుతోంది, మేం ఇస్తే తప్పేమిటి?" ఈ వాదన వినడానికి బాగుంది, ఎదుటివారి నోరు మూయిస్తుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు తెరిచి చూస్తే మాత్రం నిలబడదు.

ప్రభుత్వం ఇచ్చే కిట్లకు రంగులున్నాయి. యోని స్రావానికి ఇచ్చేది రెండో నంబరు ఆకుపచ్చ కిట్టు. అందులో ఉండేవి రెండే మందులు: సెక్నిడజోల్ రెండు గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు. మొదటిది బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కు, ట్రైకోమొనాస్‌కు పనిచేస్తుంది. రెండోది కాండిడా అనే ఫంగస్‌కు. బజారులో దొరికే మూడు మందుల కిట్టులో వీటికి తోడు అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఉంటుంది. ప్రభుత్వ పథకంలో ఆ మందు బూడిద రంగు కిట్టుది, గర్భాశయ ముఖద్వారం వాచినప్పుడు వాడేది. రెండు వేర్వేరు జబ్బుల మందుల్ని ఒకే అట్టపెట్టెలో కలిపేసి, పైగా దానికి ప్రభుత్వం పేరు అడ్డం పెట్టుకోవడం మొదటి అబద్ధం. మార్గదర్శకాలు మందుతో ఆగిపోలేదన్నది అంతకంటే ముఖ్యం. స్పెక్యులంతో లోపల చూడాలని, వీలున్న చోట తడి స్లయిడు, క్షార పరీక్ష, గ్రామ్ రంజనం చేయాలని, ఏడు రోజుల తర్వాత మళ్లీ రమ్మనాలని, గర్భిణికి నోటి ద్వారా ఫ్లూకొనజోల్ ఇవ్వరాదని అవి చెబుతున్నాయి. కౌంటరు మీద అమ్మే కిట్టులో వీటిలో ఒక్కటీ లేదు. ప్రభుత్వం దగ్గర అరువు తెచ్చుకున్నది మాత్రలు మాత్రమే, జాగ్రత్త కాదు.

ఆ జాగ్రత్తలు ఎందుకో తెలియాలంటే మూడు జబ్బుల తేడా తెలియాలి. కాండిడాలో స్రావం చిక్కగా, తెల్లగా, విరిగిన పాలలా గోడలకు అంటుకుని ఉంటుంది. దురద ఎక్కువ, మంట ఎక్కువ, వాసన దాదాపు ఉండదు. బ్యాక్టీరియల్ వజైనోసిస్‌లో స్రావం పలచగా, బూడిద రంగు కలిసిన తెలుపులో పూత పూసినట్టు ఉంటుంది. చేపల నీచు వాసన కలయిక తర్వాత మరీ తెలుస్తుంది. దురద అంతగా ఉండదు. ట్రైకోమొనాస్ ఒక పరాన్నజీవి, లైంగికంగా వచ్చేది. స్రావం పసుపుగానో ఆకుపచ్చగానో, కొన్నిసార్లు నురగగా, మంటతో పాటు వస్తుంది. పుస్తకంలో ఈ మూడు చిత్రాలూ ఎంత స్పష్టంగా ఉన్నాయో, గదిలో రోగి ముందు అంత అస్పష్టంగా ఉంటాయి. నురగ చాలామందిలో కనిపించదు. ట్రైకోమొనాస్ గుర్తుగా చెప్పే స్ట్రాబెర్రీ లాంటి ఎర్రటి ముఖద్వారం మామూలు కంటికి నూటికి ఇద్దరిలో కూడా కష్టం. బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు. ఇక నెలసరి మధ్యలో, గర్భంలో వచ్చే మామూలు స్రావం జబ్బే కాదు.

కనుక "చూస్తే తెలిసిపోతుంది" అన్న ధీమా ఎంత నిజమో ఒక లెక్క చెబుతుంది. 2002లో అమెరికాలో ఫెరిస్ బృందం ఫంగస్ మందు స్వయంగా కొనుక్కున్న, కొనబోతున్న 95 మంది ఆడవాళ్లను పరీక్షించింది. వాళ్లలో కాండిడా ఒక్కటే ఉన్నది మూడోవంతు మందికి మాత్రమే. ఇంచుమించు అయిదోవంతుకు బ్యాక్టీరియల్ వజైనోసిస్, మరో అయిదోవంతుకు ఒకటికి మించిన జబ్బులు. దాదాపు 14 శాతానికి ఏ జబ్బూ లేదు. ఇదివరకు డాక్టరు కాండిడా అని చెప్పిన ఆడవాళ్ల అంచనా కూడా మిగతావాళ్ల కంటే మెరుగ్గా లేదు. మన దగ్గరికి వస్తే, మైసూరులో యువతుల మీద జరిగిన ఒక అధ్యయనంలో గ్రామ్ స్లయిడు పరీక్షలో దాదాపు 19 శాతానికి బ్యాక్టీరియల్ వజైనోసిస్ బయటపడింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన సర్వేలో స్రావం గురించి ఆడవాళ్లు చేసే ఫిర్యాదు చాలాసార్లు ఇన్ఫెక్షన్ కన్నా మనోవేదనతో, జీవితపు ఒత్తిడితో గట్టిగా ముడిపడి కనిపించింది. మానసిక భారం మోస్తున్న మనిషికి మూడు మందుల కిట్టు ఇచ్చి పంపితే ఆ కిట్టు దేన్ని బాగుచేసినట్టు?

కిట్టు సమర్థకుల లెక్క ప్రకారమే ఒక కేసు నడిపి చూద్దాం. ఐటీ కారిడార్‌లో పనిచేసే ఒక యువతికి పలచటి స్రావం, కాస్త నీచు వాసన ఉన్నాయనుకోండి. ఆమె ముందు ఫంగస్ క్రీమ్ మూడు రాత్రులు వాడుతుంది, తగ్గదు. తర్వాత కిట్టు మింగుతుంది, వారం బాగుంటుంది, రెండు నెలల్లో తిరగబెడుతుంది. ఇదే మనిషి మొదటి రోజే పరీక్షకు వెళితే డాక్టరు స్పెక్యులం పెట్టి పక్క గోడ మీది స్రావాన్ని పీహెచ్ కాగితానికి తాకిస్తారు. కాగితం 4.5 దాటి 5 చూపితే కాండిడా ఒక్కటే అనే అనుమానం బలహీనపడినట్టే. రక్తం, వీర్యం కలిసి ఉంటే కాగితాన్ని నమ్మకూడదు. స్రావాన్ని రెండు గాజుపలకల మీదికి తీస్తారు. ఒకదానికి పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే గుప్పున నీచు వాసన వస్తుంది. మరోదానికి ఉప్పునీటి చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే అయిదింట ఒక కణమైనా అంచులు కనిపించనంతగా బ్యాక్టీరియా అంటుకుని ఉంటుంది. 1983లో అంసెల్ ప్రతిపాదించిన నాలుగు గుర్తుల్లో మూడు ఉంటే బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఖాయం. అదే ఉప్పునీటి స్లయిడులో తోకల్లాంటి పోగులతో గింగిరాలు తిరిగే జీవి కనిపిస్తే ట్రైకోమొనాస్. హైడ్రాక్సైడ్ స్లయిడులో దారపు పోగుల్లాంటివి కనిపిస్తే కాండిడా. ఇదంతా కొన్ని నిమిషాల పని, ఖరీదైన రసాయనమేదీ లేదు. స్లయిడు చల్లారితే ట్రైకోమొనాస్ కదలిక ఆగిపోతుంది కనుక వెంటనే చూడాలి. వెంటనే చూసినా సుమారు సగం కేసులు జారిపోవచ్చు, అనుమానం మిగిలితే జన్యు పరీక్ష కావాలి. ముందే క్రీమ్ రాసుకుని వస్తే ఆ స్లయిడు కూడా ఏమీ చెప్పదు.

పేరు తెలియడం వల్ల తేడా మాత్రలో కన్నా ఆ తర్వాత చేయవలసిన పనిలో ఉంటుంది. కాండిడా అయితే మామూలుగా భర్తకు మందు అక్కర్లేదు. ట్రైకోమొనాస్ అయితే అక్కర ఉంది. ఆయన వాడకపోతే ఆమెకు మళ్లీ రావడం ఖాయం, మూడు నెలల్లో మళ్లీ పరీక్ష కూడా చేయాలి. సెక్నిడజోల్ మంచి మందే, ఒప్పుకుంటాం. కానీ దాని కుటుంబానికే చెందిన మెట్రోనిడజోల్ మీద 2018లో వచ్చిన కిస్సింజర్ ట్రయల్, రెండు గ్రాములు ఒకేసారి మింగిన ఆడవాళ్లలో 19 శాతానికి నెల తర్వాత పరాన్నజీవి మిగిలి ఉండగా, ఏడు రోజులు వాడినవాళ్లలో 11 శాతానికే ఉందని చూపింది. బ్యాక్టీరియల్ వజైనోసిస్‌లో భాగస్వామికి మందు అనవసరమని చాలాకాలం అనుకున్నారు. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్ ఆ నమ్మకాన్ని కదిలించింది: భర్త కూడా మాత్ర, పూతమందు వారం వాడిన జంటల్లో 12 వారాల్లో తిరగబెట్టింది 35 శాతం, భార్య ఒక్కతే వాడిన జంటల్లో 63 శాతం. మనం ఉదాహరణగా చెప్పుకున్న యువతికి రెండు నెలల్లో ఎందుకు తిరిగొచ్చిందో ఇక్కడే ఒక సమాధానం దొరకవచ్చు. కిట్టు అట్ట మీద ఆమె భర్త ప్రస్తావన లేదు, ఎందుకంటే ఆమెకు ఏ జబ్బో ఎవరూ తేల్చలేదు. అవసరం లేని అజిత్రోమైసిన్ పేగుల్లోనూ యోనిలోనూ మంచి బ్యాక్టీరియాను చంపి, కాండిడా పెరగడానికి చోటిస్తుంది కూడా. లేని జబ్బును నయం చేయబోయి ఇంకోదాన్ని పిలిచి తెచ్చుకోవడమన్నమాట.

ఎదుటి పక్షంలో న్యాయం లేదని కాదు. రెండు మూడు జబ్బులు కలిసి ఉండడం నిజమే; ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మైక్రోస్కోపు పాడైపోతే, మళ్లీ వస్తుందో రాదో తెలియని మనిషిని ఉత్త చేతులతో పంపకుండా కిట్టు ఇవ్వడం కూడా సబబే. పరీక్ష అంటే సిగ్గు అన్నదానికి జవాబు కూడా ఉంది, తన స్వాబు తానే తీసుకునే పద్ధతి. కానీ ఈ మినహాయింపులన్నీ పరీక్షా సౌకర్యం లేని చోటికి సంబంధించినవి. వైట్‌ఫీల్డ్‌లో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఇంటికొచ్చి నమూనా తీసుకెళ్లే ప్రయోగశాలలు ఉన్నాయి, టెక్ పార్కులున్నాయి. 2023 నుంచి మెట్రో కూడా ఉంది. అక్కడ పనిచేసే వేల మంది తెలుగు ఆడపిల్లలకు అనంతపురం, చిత్తూరు పల్లెల్లోని కొరతను సాకుగా చూపి కిట్టు అమ్మడం సేవ కాదు, వ్యాపారం.

పైగా ఆ గర్భిణి విషయం ఒకటి. తనకు నెల తప్పిన సంగతి ఇంకా తెలియని స్త్రీకి కౌంటరు దగ్గర ఎవరూ "నెలసరి ఎప్పుడు" అని అడగరు. అమెరికా ఔషధ సంస్థ 2016లోనే గర్భంలో నోటి ఫ్లూకొనజోల్ వాడకం వల్ల గర్భస్రావం ముప్పు ఉండొచ్చని హెచ్చరిక జారీ చేసింది. ఒక్క ప్రశ్న అడిగితే తప్పించగలిగే ప్రమాదాన్ని "ప్రభుత్వమే ఇస్తోంది" అన్న మాట కింద దాచేస్తున్నారు.

కర్ణాటక ఔషధ నియంత్రణ శాఖ చేయవలసిన పని ఇంతే: చీటీ లేకుండా ఈ కిట్లు అమ్మిన షాపుల మీద షెడ్యూల్ హెచ్ నిబంధన అమలు చేయడం. ఆసుపత్రులు తమ స్త్రీల ఓపీ గదిలోనే పీహెచ్ కాగితం, రెండు చుక్కల సీసాలు, మైక్రోస్కోపు పెట్టి, స్లయిడు చూసిన నివేదిక చీటీతో పాటే ఇవ్వాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆకుపచ్చ కిట్టును పరీక్షకు వీలు లేని చోట మాత్రమే వాడాలని స్పష్టంగా ముద్రించాలి, మూడు మందుల బజారు కిట్టుతో తనకు సంబంధం లేదని ప్రకటించాలి.