సహేలీ అనే పరదా

మా గల్లీ చివర, మసీదు వెనకాల రెండు గదుల ఇల్లొకటి ఉండేది. అందులో ఇద్దరు ఖాలాలు ఉండేవాళ్లు. ఒకరు ఉర్దూ స్కూల్లో టీచర్, ఇంకొకరు ఇంట్లోనే మిషన్ కుట్టేవాళ్లు. పేర్లు రాయను. మొహల్లా అంతా వాళ్లను టీచర్ ఖాలా, మిషన్ ఖాలా అనే పిలిచేది. ఇద్దరికీ నికా కాలేదు. రిష్తాలు రాలేదని కాదు, వచ్చినవి ఏదో ఒక బహానాతో వెనక్కి పోయేవి. అలా ముప్పై ఏళ్లకు పైగా ఒకే వంటింటి మీద బతికారు. ఈద్‌కి ఒకే థాన్‌లోంచి ఇద్దరికీ జోడాలు కుట్టుకునేవాళ్లు. అమ్మీని అడిగితే "సహేలియా హై బేటా" అనేది. అంతే, అక్కడితో మాట అయిపోయేది.

టీచర్ ఖాలా ఇంతకాల్ అయిన రోజు నేను అక్కడే ఉన్నాను. పక్క ఊరి నుంచి ఆమె అన్న కొడుకు వచ్చాడు. పదేళ్లలో ఆ ఇంటి గడప తొక్కినవాడు కాదు. వచ్చినవాళ్లందరూ అతనికే పుర్సా ఇచ్చారు. "సబర్ కరో బేటా" అని అతని భుజమే తట్టారు. మిషన్ ఖాలా ఆడవాళ్ల గదిలో, గోడ వారన, చివర కూర్చుంది. ఆమెకెవరైనా పుర్సా ఇచ్చారేమోనని తర్వాత అమ్మీని అడిగాను. అమ్మీ కాసేపు ఆలోచించి, "చాయ్ ఆమే పెట్టింది అందరికీ" అంది.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ జవాబు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

వాళ్లిద్దరి మధ్య ఏముందో నాకు తెలుసని చెప్పను. అది తవ్వి తీయడం నా పని కాదు, మీ పనీ కాదు. నేనడిగేది వేరే. ఒక మగా ఆడా ముప్పై ఏళ్లు అలా బతికి ఉంటే, వాళ్ల మధ్య మొహబ్బత్ ఉందని అనుకోవడానికి మనకు రుజువులేమీ అక్కర్లేదు. ఐదు నిమిషాలు మేడ మీద మాట్లాడుకుంటేనే కథ అల్లేస్తాం. ఇద్దరు ఆడవాళ్లు ఒక జీవితమంతా పంచుకున్నా మనకు తట్టే మాట దోస్తీ ఒక్కటే. ఎందుకిలా?

నేను ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. తెలుగు క్లాసులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. చెలి. నిఘంటువు చూస్తే స్నేహితురాలు. కానీ ఏ సినిమా పాటలోనైనా మగవాడు "చెలీ" అంటే అందరికీ అది ప్రేమే అని తెలుసు. సఖి కూడా అంతే. మగవాడి నోట్లో ప్రేయసి, ఆడదాని నోట్లో స్నేహితురాలు. మాట ఒకటే, పలికే గొంతును బట్టి వినే చెవి మారిపోతోంది.

ఉర్దూలో కథ ఇంకా విచిత్రంగా ఉంది, ఎందుకంటే అక్కడ ఒకప్పుడు దీనికి విడిగా మాటలు ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర, లక్నోలో రేఖ్తీ అనే కవిత్వం వచ్చింది. ఆడవాళ్ల గొంతుతో, బేగమాతీ జుబాన్‌లో రాసిన షాయరీ. సఆదత్ యార్ ఖాన్ రంగీన్, ఇన్షా అల్లా ఖాన్ ఇన్షా దాని పెద్ద పేర్లు. అంతకు వందేళ్ల ముందే మన దక్కన్‌లో, బీజాపూర్‌లో, హాష్మీ అనే అంధకవి దక్నీలో ఆడవాళ్ల గొంతుతో గజల్‌లు రాశాడు. రంగీన్ తన రేఖ్తీ దీవాన్ ముందు ఆడవాళ్లు వాడే మాటల పట్టిక ఒకటి ఇచ్చాడు. అందులో దోగానా ఉంది, జనాఖీ ఉంది, ఇలాయిచీ ఉంది. ఇవన్నీ ఒక ఆడది తనకు అతి దగ్గరైన ఇంకో ఆడదాన్ని పిలిచే పిలుపులు. ఒక్కో పిలుపు వెనక ఒక్కో రస్మ్ ఉంది. బాదంకాయ పగలగొడితే లోపల జంట పలుకులు దొరికాయనుకోండి, చెరొకటి తింటే వాళ్లు దోగానాలు. కోడి రొమ్ము దగ్గరుండే చీలిక ఎముకను చెరో వైపు పట్టుకుని విరిస్తే జనాఖీలు. ఇలాయిచీ గింజలు ఒకరికొకరు తినిపించుకుంటే ఆ పేరే పిలుపు. రేఖ్తీలో ఈ దోగానాలు అలుగుతారు, ఈర్ష్య పడతారు, విరహం పడతారు. కొన్ని చోట్ల ఆ షాయరీ పచ్చిగానే ఉంటుంది, అది స్నేహమని బుకాయించే వీలు లేనంత.

ఒక మాట ఒప్పుకోవాలి. రేఖ్తీ రాసినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. మగవాళ్ల మెహఫిల్‌లో నవ్వుల కోసం చదివినది చాలా ఉంది. కొందరు ముషాయిరాలో దుపట్టా కప్పుకుని మరీ చదివేవాళ్లట. కాబట్టి అది ఆడవాళ్ల గవాహీ అని నేననను. కానీ ఇంత మాత్రం చెప్పొచ్చు. ఆ మాట పలికితే సభకు అర్థమయ్యేది. దోగానా అంటే ఏమిటో లక్నో వాళ్లకు వివరించాల్సిన పని లేదు.

మరి ఆ మాటలు ఎటు పోయాయి? 1856లో అవధ్ కొలువు పోయింది. ఉర్దూ పెద్దలకు తమ అదబ్ మీద తమకే సిగ్గు పుట్టింది. 1893లో హాలీ సాబ్ ముకద్దమా వచ్చింది, కవిత్వం అఖ్లాక్ నేర్పాలన్నది దాని సారం. రేఖ్తీ చెత్తబుట్టలోకి పోయింది. మా స్కూలు పుస్తకాల్లో ఇన్షా ఉన్నాడు, ఆయన రేఖ్తీ లేదు. దోగానాకు మా ఉస్తాద్ చెప్పిన అర్థం రెండు రకాతుల నమాజ్. అది సరైన అర్థమే, నమాజ్‌కూ ఆ మాట వాడతారు. రెండో అర్థం గురించి అడిగితే "పక్కీ సహేలీ" అనేవారేమో. మాటను ఎవరూ నిషేధించలేదు. అందులోంచి ఇష్క్ తీసేసి దోస్తీ మిగిల్చారు.

దీని పూర్తి ఫలితం లాహోర్ కోర్టులో కనిపించింది. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' అదబ్-ఎ-లతీఫ్ పత్రికలో వచ్చింది. నవాబుకు పట్టని బేగం జాన్, ఆమెకు ఒళ్లు పట్టే రబ్బో, పక్క మంచం మీద పడుకుని రాత్రి గోడ మీద రజాయి నీడ చూసి భయపడే చిన్నపిల్ల. కథ అంతా ఆ పిల్ల కళ్లతోనే నడుస్తుంది. ఫహాషీ కేసు పెట్టారు. ఇస్మత్ ఆపా క్షమాపణ రాసివ్వలేదు, లాహోర్ వెళ్లి నిలబడింది. అక్కడ కథలో ఏ మాట బూతో చూపించమంటే సాక్షులు తడబడ్డారు. చూపించడానికి ఒక్క మాటా లేదు. డిఫెన్స్ వాదనలో ఇంకో ముక్క ఉంది. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లకే ఈ కథ అర్థమవుతుంది, తెలియనివాళ్లకు ఇందులో ఏమీ కనపడదు అని. కేసు కొట్టేశారు.

ఆ తీర్పుకు నేనూ సంతోషించేవాడినే. కానీ గెలిచిన దారి చూడండి. కనపడటం లేదు కాబట్టి నేరం లేదు. ఇదే లెక్క 1921లో లండన్‌లోనూ జరిగింది. మగవాళ్ల మధ్య సంబంధానికి ఉన్న శిక్షను ఆడవాళ్లకూ పెడదామని కామన్స్ సభ ఒప్పుకుంది. లార్డ్స్ సభ కొట్టేసింది. దయతో కాదు. చట్టంలో రాస్తే, ఇలాంటిదొకటి ఉందని తెలియని ఆడవాళ్లకు కూడా మనమే చెప్పినట్టవుతుందని వాళ్ల భయం. అంటే చెప్పకపోవడమే వాళ్లకు శిక్షకన్నా నమ్మకమైన తాళం.

మన ఇళ్లలో ఆ తాళం ఇంకోలా పనిచేస్తుంది. మన నిగా అంతా మగవాడి మీదే. జనానాలో ఇద్దరు ఆడపిల్లలు ఒకే పరుపు మీద పడుకుంటే ఎవరికీ చింత లేదు, ఇజ్జత్‌కు ఖత్రా మగవాడి వైపు నుంచే వస్తుందని మన లెక్క. ఈ లెక్క వాళ్లకు కాస్త నీడ కూడా ఇస్తుంది, అది కాదనను. సహేలీ అనే పరదా లేకపోతే మా ఖాలాలిద్దరూ ఆ గల్లీలో ముప్పై ఏళ్లు బతకగలిగేవాళ్లా? బహుశా లేదు. ఎవరో ఒకరు రాయి వేసేవాళ్లు. కానీ ఆ నీడ పెళ్లి వయసు వచ్చేదాకే చాలామందికి. ఆ తర్వాత "సహేలీ కోసం రిష్తా కాదంటావా, పాగల్" అంటారు. సహేలీ కదా, పెళ్లయ్యాక కూడా ఫోన్ చేసుకోవచ్చు కదా! ఏడ్చే పిల్లకు తాను ఏం పోగొట్టుకుంటున్నదో చెప్పడానికి మాటే లేదు. 2022లో కేరళలో ఇద్దరు ముస్లిం అమ్మాయిల సంగతి పేపర్లలో చదివే ఉంటారు. సౌదీలో స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లు. ఒకరిని ఇంటివాళ్లు తీసుకుపోతే రెండో అమ్మాయి హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. ఇద్దరూ మేజర్లు, కలిసి ఉండొచ్చని కోర్టు చెప్పింది. అంతదాకా వెళ్తే తప్ప వాళ్లు మనకు కనపడలేదు.

"అయితే ఇక ప్రతి దోస్తీనీ అనుమానించమంటావా భాయ్?" అని అడిగేవాళ్లున్నారు. తౌబా, వద్దు. స్నేహం స్నేహంగానే గొప్పది, మన ఆడపిల్లలకు మిగిలిన కొద్దిపాటి ఆసరా అదే. చేతులు పట్టుకుని నడిచే ప్రతి జంట మీదా కన్నేస్తే ఆ ఆసరా కూడా పోతుంది. నేను ఆలిమ్‌ని కాను, హలాల్ హరామ్ ఫత్వా నా చేతిలో లేదు, అడగనూ లేదు. కానీ ఫత్వా ఏదైనా కళ్ల ముందున్న మనిషి గురించే కదా ఇస్తారు. లేదని చెప్పిన మనిషి గురించి ఇవ్వలేం.

మళ్లీ మా గల్లీకి వస్తాను. ఆ ఇల్లు టీచర్ ఖాలా పేరున ఉంది. వేరే వారిస్‌లు లేరు, షరీఅత్ ప్రకారం అన్న కొడుకుకే పోయింది. అతన్ని తప్పు పట్టను, అది అతని హక్. నన్ను కాల్చేది ఏమిటంటే, అదే షరీఅత్‌లో దారి ఉంది. వారిస్ కానివాళ్లకు తన ఆస్తిలో మూడో వంతు దాకా వసీయత్ రాయొచ్చు, ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇల్లంతా హిబా చేయొచ్చు. ఇస్తున్నానని ఒకరు అనాలి, తీసుకుంటున్నానని ఇంకొకరు అనాలి, ఖబ్జా అప్పగించాలి. కాగితం కూడా షర్త్ కాదు. పదేళ్ల క్రితం మా ఊరి ఖాజీ సాబ్‌తో ఈ మాట అంటే ఆయన తల ఊపారు. "అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. కానీ సహేలీకి ఇల్లు రాస్తారని ఎవరికి తోస్తుంది?" అన్నారు.

భర్త పోతే ఆడదానికి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది. ఇద్దత్‌ను బంధనం అని మనం తిట్టుకుంటాం గానీ, అది ఆమె దుఃఖానికి లోకం ఇచ్చే గడువు కూడా. మిషన్ ఖాలాకు ఆ గడువు లేదు. చాలీస్వా అయిన వారానికి ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి ఊరికి వెళ్లింది. సామాను రిక్షాలోకి ఎక్కించడానికి నేను సాయం పట్టాను. మిషన్, ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట. ట్రంకు బరువుగా ఉంటే ఏముందని అడిగాను. "జోడాలు. ఇద్దరివీ" అంది.