‘డాక్టర్‌ను సంప్రదించండి’ అంటే సరిపోతుందా? వైద్య చాట్‌బాట్ల హద్దు గురించి

ఈ వారం ఆన్సర్ రైటింగ్ కోసం నాకు నేనే వేసుకున్న ప్రశ్న ఇది: “ఆరోగ్య సమాచారం ఇచ్చే చాట్‌బాట్లకు హద్దు ఎక్కడ గీయాలి? చర్చించండి. (250 పదాలు)”. జీఎస్-2లో ఆరోగ్యం, జీఎస్-3లో సాంకేతికత, జీఎస్-4లో నైతికత, మూడింటికీ పనికొస్తుందని మొదలుపెట్టాను. రాస్తుంటే పోయిన వర్షాకాలం మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో జరిగిన సంగతి గుర్తొచ్చింది. 250 పదాలు ఎప్పుడో దాటిపోయాయి.

ఆ రోజు జరిగింది

పక్క క్వార్టర్ పిన్నికి నాలుగు రోజులుగా జ్వరం. నాలుగో రోజు సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది. వాళ్ల అబ్బాయి సంతోషంగా వచ్చి ఫోన్ చూపించాడు. “అన్నా, జ్వరం తగ్గితే కోలుకుంటున్నట్టేనంట. రెస్ట్ తీసుకుని నీళ్లు బాగా తాగితే చాలంట.” ఒక ఆరోగ్య చాట్‌బాట్ ఇచ్చిన సమాధానం అది. చక్కటి తెలుగులో ఉంది. అడుగున సన్నటి బూడిదరంగు అక్షరాల్లో “ఇది వైద్య సలహా కాదు, డాక్టర్‌ను సంప్రదించండి” అని కూడా ఉంది.

మా అమ్మ ఫోన్ చూడలేదు. తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లి, “చెల్లీ, పొద్దుట్నుంచి మూత్రానికి వెళ్లావా?” అని అడిగింది. వెళ్లలేదు. మధ్యాహ్నం నుంచి కడుపునొప్పి, మూడుసార్లు వాంతి. జ్వరం తగ్గింది కదా అని పిన్ని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు. పరీక్షలో డెంగ్యూ అని తేలింది. సెలైన్ ఎక్కించి, ఐదు రోజుల తర్వాత ఇంటికి పంపారు. అమ్మకు ఈ ప్రశ్న ఎలా తెలుసంటే, అంతకు ముందు ఏడాది పెద్దమ్మకు డెంగ్యూ వచ్చినప్పుడు వార్డులో నర్సు చెప్పిన మాట గుర్తుంది. అంతే.

ఆ సమాధానంలో తప్పు ఎక్కడుందో నాకు వెంటనే తట్టలేదు. మామూలు జ్వరాల్లో అది నిజమే. హెచ్చరిక కూడా పెట్టారు. మరి లోపం ఎక్కడ?

చట్టం ఏ మెట్టు దగ్గర ఆగింది?

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్న పత్రం 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్. ఫోన్‌లో రోగిని చూసే డాక్టర్ చేయదగిన పనులను అది మూడు మెట్లుగా విడదీస్తుంది. మొదటిది ఆరోగ్య అవగాహన: పొగ మానడం, వ్యాయామం, వ్యాధులు రాకుండా జాగ్రత్తలు లాంటివి. రెండోది కౌన్సెలింగ్, అంటే ఒక ఫలానా రోగికి అతని పరిస్థితిని బట్టి చెప్పే సలహా. మూడోది మందులు రాయడం.

అదే పత్రం కృత్రిమ మేధ వేదికల గురించి కూడా మాట్లాడుతుంది. అవి రోగికి కౌన్సెలింగ్ ఇవ్వకూడదు, మందులు రాయకూడదు. డాక్టర్‌కు సాయపడవచ్చు గానీ, రోగికి చివరి మాట చెప్పాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. గమనించారా? నిషేధించింది రెండో, మూడో మెట్లను. మొదటి మెట్టు ఆ నిషేధంలో లేదు. నా దృష్టిలో ఇది సరైన విభజన. కోవిడ్ కాలంలో కేంద్రం తెచ్చిన మైగవ్ కరోనా హెల్ప్‌డెస్క్, తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన వాట్సాప్ చాట్‌బాట్ ప్రధానంగా ఈ మొదటి మెట్టు మీదే పనిచేశాయి. లక్షణాలు ఏమిటి, ఎలా జాగ్రత్తపడాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందరికీ ఒకేలా చెప్పే విషయాలు.

చిక్కు ఏమిటంటే, సంభాషణలో ఈ మెట్ల మధ్య గోడ ఉండదు. “డెంగ్యూ అంటే ఏమిటి?” అన్నది మొదటి మెట్టు ప్రశ్న. “నాకు జ్వరం తగ్గింది, ఇక పరవాలేదా?” అన్నది రెండో మెట్టు ప్రశ్న. అడిగేవాళ్లకు రెండూ ఒకటే. అందుకే హద్దును విషయాన్ని బట్టి గీయలేం, వాక్యాన్ని బట్టి గీయాలి. “డెంగ్యూలో ఇలా జరుగుతుంది” అంటే అవగాహన. “మీకు ఇది డెంగ్యూ” అంటే రోగ నిర్ధారణ. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు.

మనం మర్చిపోయేది దీని రెండో వైపు. “మీరు కోలుకుంటున్నారు” అన్నా అది నిర్ధారణే. జబ్బు పేరు చెప్పకపోయినా, జబ్బు లేదని తేల్చింది కదా. పిన్ని విషయంలో హద్దు దాటింది భయపెట్టే వాక్యం కాదు, ధైర్యం చెప్పిన వాక్యం.

డెంగ్యూలో జ్వరం తగ్గడం అంటే

డెంగ్యూలో సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగుతుంది. చాలామంది అక్కడి నుంచి కోలుకుంటారు. కొందరిలో మాత్రం సరిగ్గా అప్పుడే సన్నటి రక్తనాళాల గోడల నుంచి ప్లాస్మా బయటికి కారడం మొదలవుతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోవచ్చు. ఈ ప్రమాద దశ 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అంటే థర్మామీటర్ మంచి కబురు చెబుతున్న సమయంలోనే కడుపునొప్పి, వాంతులు, మూత్రం తగ్గడం చెడ్డ కబురు చెబుతుంటాయి.

చాట్‌బాట్‌కు టైప్ చేసింది థర్మామీటర్ కబురు ఒక్కటే. మిగతావి అడగలేదు, చెప్పలేదు. డాక్టరైతే పొట్ట నొక్కి చూస్తారు, నాడి పట్టుకుంటారు, రక్తపరీక్షలో హెమటోక్రిట్, ప్లేట్‌లెట్లు చూస్తారు. ఫోన్‌కు అవేవీ కనబడవు. తనకు కనబడనిది ఏమిటో చెప్పని సమాధానం, అన్నీ చూసి చెప్పిన సమాధానంలాగే వినిపిస్తుంది.

ఆ హెచ్చరిక ఎవరి కోసం?

“ఇది వైద్య సలహా కాదు” అన్న వాక్యం ఎవరిని కాపాడుతుందో ఆలోచించండి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్‌తో, రోగ నిర్ధారణ కోసం ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియంత్రణ కిందికి వచ్చింది. ఇక్కడ కీలకమైన మాట ‘ఉద్దేశించిన’. ఉద్దేశం ఏమిటో ముందుగా చెప్పేది తయారీదారే. కాబట్టి ఆ బూడిదరంగు వాక్యం తయారీదారుకు బాగానే పనికొస్తుంది. పిన్నికి మాత్రం అది ఏమీ చెప్పలేదు. ఏ డాక్టర్? ఎప్పటిలోగా? ఏం కనిపిస్తే? ప్రతి సమాధానం కిందా అదే వాక్యం ఉంటే కన్ను దాన్ని దాటేయడం నేర్చుకుంటుంది.

మా నాన్న గూడ్స్ బండి లోకో పైలట్‌గా రిటైరయ్యారు. డ్యూటీ ఎక్కేముందు ఆయనకు కాషన్ ఆర్డర్ ఇచ్చేవారు. అందులో “జాగ్రత్తగా నడపండి” అని రాసి ఊరుకోరు. ఏ స్టేషన్ల మధ్య, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఎంత వేగం మించకూడదు, ఎందుకు అన్నది ఉంటుంది. అది అందినట్టు డ్రైవర్ సంతకం పెట్టాలి. చాట్‌బాట్ హెచ్చరిక కూడా ఇలాగే ఉండాలి: ఏది తెలియదు, ఏ సమయంలో, ఏం కనిపిస్తే, ఎక్కడికి వెళ్లాలి.

పిన్ని ప్రశ్నకు నేనైతే ఇలా రాస్తాను, అదీ సమాధానం అడుగున కాదు, మొదట్లోనే:

> “మీ జ్వరం డెంగ్యూనో కాదో ఇక్కడి నుంచి చెప్పడం సాధ్యం కాదు. డెంగ్యూ అయితే, జ్వరం తగ్గాక వచ్చే 24–48 గంటలే జాగ్రత్తగా చూడాల్సిన సమయం. కడుపులో గట్టి నొప్పి, ఒక రోజులో 3 లేదా అంతకంటే ఎక్కువ వాంతులు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం, 6 గంటలుగా మూత్రం రాకపోవడం, పిలిస్తే మామూలుగా పలకకపోవడం, వీటిలో ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అత్యవసరమైతే 112. ఇవేవీ లేకపోయినా రేపు డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష గురించి అడగండి. ఒళ్లు నొప్పులకని సొంతంగా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.”

ఇందులో “మీకు డెంగ్యూ” అని లేదు, “మీకు డెంగ్యూ కాదు” అనీ లేదు. అంతా మొదటి మెట్టు మీది సమాచారమే. అయినా పిన్ని ఇంట్లోవాళ్లు అదే రాత్రి కదిలి ఉండేవారు.

ఇంకో నియమం కూడా ఉండాలి. చాట్‌బాట్ ఎదురు ప్రశ్నలు వేయవచ్చు. కానీ ఆ జవాబులను ఒక్క దిశలోనే వాడాలి. ప్రమాద లక్షణం ఉందంటే ఆసుపత్రికి పంపవచ్చు. లేదంటే “మీరు క్షేమం” అని తేల్చకూడదు, ఎందుకంటే పిన్ని లాంటివాళ్లు ఉన్న నొప్పినీ చెప్పరు. “వీటిని రేపటిదాకా గమనిస్తూ ఉండండి” అని మాత్రమే చెప్పాలి.

భాష కూడా చూసుకోవాలి. వైద్య పుస్తకంలోని ప్రమాద లక్షణాన్ని ‘నీరసం’ అని అనువదిస్తే ఎవరూ కంగారుపడరు, ఏ జ్వరంలోనైనా నీరసం ఉంటుంది. “పిలిస్తే పలకడం లేదు, మగతగా ఉంది” అంటేనే ఇంట్లోవాళ్లు లేచి చూస్తారు.

అవతలి వాదన

ఇంత భయముంటే చాట్‌బాట్లను జబ్బుల గురించి మాట్లాడనివ్వకపోతే పోలా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మా ఊళ్లో డాక్టర్ బెంగాలీలోనో హిందీలోనో చెబుతారు, పిన్నికి తెలుగు తప్ప రాదు. ఆమెకు అర్థమయ్యే భాషలో రాత్రి పదింటికి దొరికే సమాచారం చిన్న విషయం కాదు. నోరు మూయిస్తే ఆ ఖాళీలోకి వాట్సాప్ ఫార్వర్డులు వస్తాయి.

అలాగని ప్రతి జలుబుకూ “వెంటనే ఆసుపత్రికి” అనడమూ హెచ్చరిక కాదు. కాంట్రాక్టు కూలికి ఆసుపత్రి అంటే ఒక రోజు కూలి పోవడం. రెండుసార్లు ఊరికే వెళ్లొస్తే మూడోసారి అసలైన హెచ్చరికను కూడా నమ్మడు. అందుకే లక్షణం, గడువు రెండూ చెప్పాలి.

కాబట్టి నా 250 పదాల జవాబు ముగింపు ఇది: మొదటి మెట్టును తెరిచే ఉంచాలి. రెండో మెట్టు ఎక్కడాన్ని, ముఖ్యంగా ధైర్యం చెప్పే రూపంలో ఎక్కడాన్ని, నిర్ధారణగానే పరిగణించాలి. హెచ్చరిక ఉందా లేదా అని కాదు, దాన్ని చదివిన మనిషికి తర్వాత ఏం చేయాలో తెలిసిందా అని నియంత్రణ సంస్థ పరీక్షించాలి. మా అమ్మ వేసిన ఒక్క ప్రశ్న ఆ పరీక్ష పాసవుతుంది. ఆ బూడిదరంగు వాక్యం పాసవదు.

మీరైతే ఈ హద్దును ఎక్కడ గీస్తారో, మీ జవాబు రాసి చూడండి.