పరుగులో పడిపోయిన యువకునికి గ్లూకోజు చికిత్స కాదు

2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియాన్ నగరంలో కామెరూన్, కొలంబియా జట్ల ఫుట్‌బాల్ పోటీ జరుగుతుండగా, 72వ నిమిషంలో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో మైదానం నడుమ కుప్పకూలాడు. అతనిని ఎవరూ ఢీకొనలేదు. 28 ఏళ్ళకే మరణించిన ఆ ఆటగానికి ఉన్నది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని శవపరీక్షలో తేలింది.

ఈ జబ్బులో రక్తపోటు వంటి కారణమేదీ లేకుండానే గుండె కండరం దళసరి అవుతుంది. కండరపు పోగులు చిందరవందరగా అల్లుకుపోతాయి, వాటి మధ్య మచ్చలు ఏర్పడతాయి. తీవ్రశ్రమ సమయంలో అక్కడి విద్యుత్ ప్రవాహం దారి తప్పితే గుండె కొట్టుకొనడం మాని వణకడం మొదలుపెడుతుంది. మెదడుకు రక్తం అందక మనిషి క్షణాలలో పడిపోతాడు. ఇది చాలావరకు వంశపారంపర్యం. తల్లిదండ్రులలో ఒకరికి ఈ జన్యుదోషం ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

మన ఊళ్ళలో జరుగుతున్నదేమిటి? పరుగెత్తుతూ కుర్రవాడు పడిపోతే ‘ఎండదెబ్బ’ అంటారు, ‘పొద్దున ఏమీ తినలేదు’ అంటారు. ఒక గ్లూకోజు సీసా ఎక్కించి, మర్నాడు మళ్ళీ మైదానానికి పంపుతారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పడడానికి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించవలసిన అవసరమైనా కనిపించదు. ఇది వైద్యం కాదు, కాగితం నింపడం.

‘పరుగెత్తే ప్రతి పిల్లవానికీ ఎకో తీయించగలమా డాక్టరుగారూ?’ అని అడిగేవారు ఉన్నారు. అందరికీ తీయించమని నేను అనడం లేదు. ఖర్చు లేని రెండు ప్రశ్నలైనా అడగమంటున్నాను. మొదటిది: శ్రమ పడుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా? రెండవది: మీ రక్తసంబంధీకులలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారు ఉన్నారా?

ఈ రెండింటి విలువ ఎంతో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడండి. పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న 19 ఏళ్ళ యువకుడున్నాడనుకుందాం. ఎకోలో అతని గుండె గోడ మందం 22 మిల్లీమీటర్లు ఉంది. సాధారణంగా అది 12 దాటదు. ఎడమ కర్ణిక వెడల్పు 40 మిల్లీమీటర్లు, రక్తం బయటికి పోయే దారిలో అడ్డంకి వలన కలిగే ఒత్తిడి తేడా 30. ఒకరోజంతా తీసిన హోల్టర్ రికార్డులో ప్రమాదకరమైన వేగపు లయలు కనబడలేదు. యూరప్ హృద్రోగ నిపుణులు వాడే లెక్కలో ఈ అంకెలను, వయసును వేస్తే, రాబోయే అయిదేళ్ళలో హఠాన్మరణ ప్రమాదం సుమారు 3.6 శాతం అని వస్తుంది. 4 శాతం లోపు కనుక గుండెను కాపాడే ఐసీడీ యంత్రం సాధారణంగా అవసరం లేదంటారు.

ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలూ అడగండి. గత నెల పరుగులో స్పృహ తప్పాడని, తండ్రి ఇదే జబ్బుతో 32వ ఏట నిద్రలోనే పోయాడని చెప్పాడు. ఈ రెండూ చేర్చితే అదే గుండెకు, అవే కొలతలకు ప్రమాదం సుమారు 11.2 శాతం అవుతుంది. 6 శాతం దాటితే యంత్రం అమర్చడం గురించి గట్టిగా ఆలోచించాలి. ఎకో యంత్రం చెప్పలేనిది నోటిమాట చెప్పింది.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. 16 ఏళ్ళలోపు పిల్లలకు, పోటీ క్రీడాకారులకు ఇది వర్తించదు. ఎంఆర్ఐలో కనబడే మచ్చలను ఇది లెక్కలోకి తీసుకోదు. అందువలన అంకె ఒక్కటే తీర్పు కాదు. కేవలం కసరత్తు వలన దళసరెక్కిన గుండె కూడా ఉంటుంది. కాని ఆ మందం 15 మిల్లీమీటర్లకు చేరడం బహు అరుదు, సాధన మానితే తగ్గుతుంది. తేడా తేల్చవలసినది హృద్రోగ నిపుణుడే.

పాఠకులు ఒక తేడాను గుర్తుంచుకొనవలెను. ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి, కళ్ళు బైర్లు కమ్మి, చెమటలు పట్టి మెల్లగా ఒరిగిపోవడం తరచుగా నిరపాయకరమే. పరుగు మధ్యలో ఏ సూచనా లేకుండా నేలకూలడం అటువంటిది కాదు. శ్రమతో వచ్చే ఛాతీనొప్పి, తోటివారికి లేని ఆయాసం, గుండెదడ కూడా హెచ్చరికలే. గొంతుకూర్చున్న మనిషి లేచి నిలబడగానే స్టెతస్కోపులో బిగ్గరగా వినిపించే మర్మర ధ్వని మరొకటి.

అటువంటి బిడ్డను ఈసీజీ, ఎకో పూర్తయ్యేవరకు మైదానంలోకి దించకండి. ఈసీజీ పదిమంది రోగులలో తొమ్మిదిమందికి పైగా తేడా చూపిస్తుంది. జబ్బు నిర్ధారణ అయితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా పరీక్షలు చేయించండి. ప్రశ్న అడగకుండా సర్టిఫికెట్ ఇచ్చే వైద్యుడు ఎదురైతే, ఆ రెండు ప్రశ్నలకూ జవాబులు మీరే చెప్పి, అవి కాగితం మీద వ్రాయమని పట్టుబట్టండి. అది మీ హక్కు.